నెల లోటు 1,580

డిసెంబరు నెలాఖరులో ఒక మధ్యాహ్నం మా కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసుకు ఇ.సి.ఇ. ఆఖరి సంవత్సరం అమ్మాయి ఒకామె తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్లది తెనాలి దగ్గర పల్లెటూరు. హైదరాబాదు రాయదుర్గంలో ఒక మధ్యతరహా కంపెనీ ఆమెకు ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఇచ్చింది. క్యాంపస్‌కు వచ్చిన కంపెనీ కాదు, ఆ అమ్మాయే వెతుక్కుని దరఖాస్తు పెట్టుకుని రెండు ఇంటర్వ్యూలు నెగ్గి తెచ్చుకున్న ఆఫర్. స్టైపెండ్ నెలకు పదివేలు. జనవరి 22న చేరాలి. ఆఫర్ మెయిల్ సోమవారం వచ్చింది, శుక్రవారం లోపు ఒప్పుకున్నట్టు జవాబు రాయాలి.

"పదివేలకు హైదరాబాదులో ఎలా బతుకుతుంది సార్?" అన్నాడు తండ్రి. ఆ వెంటనే తనే, "అడిగితే ఏమనుకుంటారో, ఉన్న ఆఫర్ కూడా పోతుందేమో" అన్నాడు. అమ్మాయి ఏమీ అనలేదు. ఫోన్‌లో ఆఫర్ లెటర్ తెరిచి నా ముందు పెట్టింది.

ఆ భయం నాకు కొత్త కాదు. ఈ ఉద్యోగంలోకి రాకముందు ఏడేళ్లు నేను హైదరాబాదులో ఒక కంపెనీ హెచ్.ఆర్. విభాగంలో పనిచేశాను. ఆఫర్ లెటర్లు పంపింది నేనే, పెంచమని అడిగితే జవాబు చెప్పిందీ నేనే. మర్యాదగా ఒక్కసారి అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకున్న సందర్భం ఆ ఏడేళ్లలో నేను చూడలేదు. వెనక్కి తీసుకున్నవి ఉన్నాయి, వాటి కారణాలు వేరు. ముందుగా ఆ అమ్మాయి ఆ నాలుగు రోజుల్లో ఏం చేసిందో చెబుతాను.

మొదట కాగితం, పెన్ను ఇచ్చి ఖర్చు రాయమన్నాను. ఊహించి రాయొద్దు, ఫోన్ చేసి కనుక్కుని రాయమన్నాను. సాయంత్రానికి ఆమె గచ్చిబౌలి, కొండాపూర్ వైపు నాలుగు లేడీస్ హాస్టళ్లకు ఫోన్ చేసింది. ముగ్గురుండే గదిలో టిఫిను, రాత్రి భోజనంతో కలిపి నెలకు 8,500 దగ్గర తేలింది. ఆఫీసు రోజుల్లో మధ్యాహ్నం భోజనం హాస్టల్లో దొరకదు, కాబట్టి బయట తినాలి. అక్కడే పనిచేస్తున్న సీనియర్‌ను అడిగితే పూటకు వందకు తగ్గదన్నాడు. నెలకు ఇరవై రెండు పనిదినాలు వేసుకుంటే 2,200. హాస్టల్ నుంచి ఆఫీసుకు షేర్ ఆటో ఇరవై రూపాయలు, రానూపోనూ నలభై. అది నెలకు 880. మూడూ కలిపితే 11,580. చేతికొచ్చేది పదివేలు. నెలకు లోటు 1,580.

బస్సు సంగతి ఆ అమ్మాయే ఎత్తింది. తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా అని. 2023 డిసెంబరు నుంచి అమలవుతున్న మహాలక్ష్మి పథకం అది. కానీ జీరో టికెట్ తెలంగాణ వాసులకు మాత్రమే, కండక్టరు ఆధార్ చూసి ఇస్తాడు. ఈ అమ్మాయి ఆధార్‌లో తెనాలి చిరునామా ఉంది. మన రాష్ట్రంలో స్త్రీశక్తి కింద 2025 ఆగస్టు నుంచి ఉచితంగా తిరుగుతున్న పిల్ల హైదరాబాదు వెళితే టికెట్ కొనాల్సిందే. ఇలాంటివి ఇంట్లో కూర్చుని లెక్కేస్తే తప్పిపోతాయి. అమీర్‌పేటలో హాస్టల్ ఇంకాస్త తక్కువకు వస్తుందని తండ్రి అన్నాడు. నిజమే, కానీ అక్కడ మిగిలింది రోజూ రాయదుర్గం దాకా మెట్రోకు పోతుంది.

సబ్బులు, ఫోన్ రీచార్జి, మందుల కోసం ఆమె ఇంకో 700, నెలకోసారి ఇంటికొచ్చి వెళ్లే రైలుకు 600 రాసుకుంది. ఈ రెండు అంకెలూ నీ దగ్గరే ఉంచుకో, కంపెనీకి పంపే లెక్కలో వేయొద్దన్నాను. ఆ ఖర్చు అబద్ధమని కాదు. ఉద్యోగం వల్ల తప్పనిసరిగా పడే ఖర్చు వేరు, మనిషిగా ఎక్కడున్నా పడే ఖర్చు వేరు. రెండోది చూపిస్తే అవతలివాళ్లకు మొదటిదాని మీద కూడా అనుమానం వస్తుంది. బస, ఆఫీసు రోజుల తిండి, ఆఫీసు దారి. ఈ మూడింటికీ ఎవరూ వంక పెట్టలేరు.

లెక్కలో ఇంకో మూల చూడాల్సింది ఉంది. చాలామంది అక్కడే దెబ్బతింటారు. నెలసరి లోటు కనబడుతుంది, మొదటి రోజు కావలసిన డబ్బు కనబడదు. హాస్టల్లో చేరిన రోజే నెల అద్దె 8,500 కట్టాలి. అడ్వాన్సు 3,000, దాంట్లో వెయ్యి మెయింటెనెన్స్ పేరుతో తిరిగిరాదు. పరుపు, బకెట్టు, దుప్పటి 1,200. రైలు, సామానుతో ఆటో 500. అంటే ఇంటినుంచి బయల్దేరేటప్పుడే 13,200 చేతిలో ఉండాలి. జీతాల లెక్కకు ప్రతి కంపెనీలోనూ నెలలో ఒక తేదీ ఉంటుంది. ఆ తేదీ తర్వాత చేరినవాళ్ల మొదటి నెల డబ్బు వచ్చే నెలాఖరుకు కలిపి వేస్తారు. మేం కనుక్కుంటే ఈ కంపెనీలో ఆ తేదీ 20. ఆమె చేరాల్సింది 22న. రెండు రోజుల తేడాతో జనవరి డబ్బు ఫిబ్రవరి ఆఖరుకు పోతుంది. దాదాపు నలభై రోజుల పాటు పైసా రాదు, మధ్యలో రెండో నెల హాస్టల్ డబ్బు కట్టాల్సి వస్తుంది.

సెమిస్టర్ పరీక్షలు జనవరి పదికల్లా అయిపోతాయి కాబట్టి మూడు రోజులు ముందు, 19న చేరతానని అడగడానికి ఆమెకు అడ్డేమీ లేదు. కంపెనీకి దీనివల్ల పెద్ద భారం పడదు. ఎక్కడైనా ముందు అడగాల్సింది ఇలాంటిదే.

స్టైపెండ్ పెంచమంటే హెచ్.ఆర్. ఎందుకు వెనకాడుతుందో నేను ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ని కాబట్టి చెప్పగలను. ఇంటర్న్‌లకు ఇంత అని ఏడాది మొదట్లోనే ఒక అంకె ఆమోదించి పెడతారు. ఆ బ్యాచ్‌లో పదిహేను మంది ఉంటే పదిహేను మందికీ అదే. ఒకరికి రెండువేలు పెంచితే మిగతా పద్నాలుగు మందికి వారంలో తెలుస్తుంది. పిల్లలు వాట్సాప్ గ్రూపు పెట్టుకుని ఉంటారు. అప్పుడు హెచ్.ఆర్. ఆ పద్నాలుగు మందికీ జవాబు చెప్పుకోవాలి. అందుకే మనతో మాట్లాడే రిక్రూటర్ చేతిలో ఆ అంకె ఉండదు. పాపం, ఆమె "కుదరదు" అన్నప్పుడు చాలాసార్లు ఉన్నమాటే చెబుతోంది.

కానీ కంపెనీలో డబ్బు ఒక్క పద్దులోంచే రాదు. ప్రయాణ ఖర్చులకు ఒక పద్దు ఉంటుంది, క్యాంటీన్‌కు ఒకటి. వేరే ఊరినుంచి వచ్చి చేరే ఉద్యోగులకు సామాను తరలింపు, మొదటి రోజుల బస కింద ఇచ్చేది ఇంకొకటి. టీమ్ మేనేజరు చేతిలో చిన్న ఖర్చులకు కొంత ఉంటుంది. స్టైపెండ్ పద్దుకు తాళం పడ్డా వీటిలో ఏదో ఒకదానికి ఉండదు. ఒకసారి ఇచ్చి ఊరుకునే డబ్బు మీద కంపెనీలకు భయం తక్కువ, ఎందుకంటే అది ప్రతి నెలా మోయాల్సింది కాదు, ఇంకొకరు వేలెత్తి చూపడానికీ వీలుండదు. హైదరాబాదులోనే ఇల్లున్న ఇంటర్న్ "నాకూ బస ఖర్చు ఇవ్వండి" అనలేడు కదా. అందుకే నేను పిల్లలకు లోటు ఎంతో చూపించమంటాను. ఏ పద్దులోంచి పూడ్చగలరో ఎంచుకునే వీలు అవతలివాళ్లకే వదలమంటాను.

ఆమె మంగళవారం ఉదయం రాసిన మెయిల్ ఇంగ్లీషులో ఉంది. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

"నమస్కారం మేడమ్. ఇంటర్న్‌షిప్ ఆఫర్‌కు ధన్యవాదాలు. ఇంటర్వ్యూలో మీ టెస్టింగ్ టీమ్ పని గురించి విన్నప్పటినుంచీ అక్కడ చేరాలనే ఉంది. ఒక విషయంలో మీ సాయం కోరుతున్నాను. నేను తెనాలి నుంచి వచ్చి హైదరాబాదులో ఉండాలి. ఆఫీసుకు దగ్గరలో హాస్టల్ 8,500, పనిదినాల్లో మధ్యాహ్న భోజనం 2,200, ఆఫీసుకు రాకపోకలు 880, మొత్తం 11,580 అవుతోంది. స్టైపెండ్ పదివేలు కాబట్టి నెలకు 1,580 తక్కువ పడుతోంది. స్టైపెండ్‌ను 12,000 చేయడానికి వీలవుతుందా? అది అందరికీ ఒకటే అయితే ప్రయాణ భత్యం గానీ, భోజన సదుపాయం గానీ, మొదట్లో ఒకసారి బస ఖర్చు గానీ పరిశీలించగలరా? అలాగే 22కు బదులు 19న చేరడానికి అనుమతి ఇవ్వగలరా? శుక్రవారంలోగా నా జవాబు పంపాలి కాబట్టి, బుధ, గురువారాల్లో మీకు వీలైన సమయం చెబితే ఫోన్‌లో మాట్లాడతాను."

మెయిల్ అంతే. మా నాన్న రైతు, మాకు కష్టం అన్న మాటలు మొదటి చిత్తులో ఉన్నాయి, తీసేయించాను. ఆ కష్టం నిజం. దాన్ని తలచుకుని చిన్నబుచ్చుకోవాల్సిన పనీ లేదు. కాకపోతే ఆ మాట చదివిన హెచ్.ఆర్. మేడమ్ మనసు కరగవచ్చు గానీ, పై అధికారికి పంపే కాగితంలో ఆమె ఆ మాట రాయలేదు. 8,500, 2,200, 880 అని రాయగలదు. మన మెయిల్‌ను ఆమె ఒక్క అక్షరం మార్చకుండా పైకి పంపగలిగేలా ఉండాలి. "చేరాలనే ఉంది" అన్న వాక్యం కూడా ఊరికే పెట్టించలేదు. వచ్చేదీ లేనిదీ తెలియని మనిషి కోసం ఏ రిక్రూటరూ మేనేజరు దగ్గరికి వెళ్లి అడగదు.

పన్నెండువేలు అన్న అంకె కూడా ఆ లెక్కలోంచే వచ్చింది. లోటు 1,580 అయితే రెండువేలు పెంచమనడం సబబుగా ఉంటుంది. కొందరు బేరం కదా అని పద్దెనిమిది అడుగుతారు, చివరికి పన్నెండుకు దిగొచ్చు కదా అని. కూరగాయల మార్కెట్లో అది నడుస్తుంది. ఇక్కడ మనం పంపిన లెక్కే మన మాటను కొట్టేస్తుంది.

బుధవారం ఫోన్ వచ్చింది. ఆ అమ్మాయి నా గదిలోనే కూర్చుని మాట్లాడింది. నేను విన్నది ఒకవైపే, మిగతాది తర్వాత చెప్పింది.

హెచ్.ఆర్. మేడమ్ మొదటి మాటే, "మా దగ్గర ఇంటర్న్‌లందరికీ ఒకటే స్టైపెండ్ అమ్మా. మీ ఒక్కరికీ మార్చలేం."

చాలామంది పిల్లలు ఇక్కడ రెండు రకాలుగా తప్పుతారు. కొందరు "సరే మేడమ్, పర్వాలేదు మేడమ్" అని ఫోన్ పెట్టేస్తారు. కొందరు "వేరే కంపెనీల్లో ఇరవై ఇస్తున్నారు కదా" అని వాదనకు దిగుతారు. ఈమె రెండు క్షణాలు ఆగి, "అర్థమైంది మేడమ్, స్టైపెండ్ సంగతి వదిలేద్దాం" అంది. ఆ మాట అనగానే అవతలి గొంతు తేలికపడిందట. కాదని చెప్పాల్సిన కష్టం తీరిపోయింది కదా. ఆ తర్వాత, "ఎంప్లాయీస్‌కి క్యాంటీన్ కార్డు ఉందని మా సీనియర్ చెప్పారు. అది ఇంటర్న్‌లకు కూడా వస్తుందా మేడమ్?" అని అడిగింది.

"ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. కనుక్కుని చెప్తాను" అంది మేడమ్. ఊరినుంచి వచ్చి చేరేవాళ్లకు మొదట్లో ఒకసారి ఏమైనా ఇస్తారా అన్నదానికి, "ఎంప్లాయీస్‌కి ఉంది, ఇంటర్న్‌ల విషయం మేనేజర్‌తో మాట్లాడాలి" అంది. 19న చేరడానికి అక్కడికక్కడే సరేనంది.

క్యాంటీన్ కార్డు ఆలోచన ఆకాశంలోంచి ఊడిపడలేదు. మధ్యాహ్నం భోజనం రేటు కనుక్కోవడానికి సీనియర్‌కు ఫోన్ చేసినప్పుడు, మాటల్లో అతనే "మాకు కార్డు ఉంది కాబట్టి నేను బయట తినను" అన్నాడు. ఖర్చు కనుక్కుంటుంటే కంపెనీ దగ్గర ఏముందో కూడా తెలిసింది.

గురువారం సాయంత్రం మెయిల్ వచ్చింది. స్టైపెండ్‌లో మార్పు లేదు. మధ్యాహ్న భోజనానికి క్యాంటీన్ కార్డు ఇస్తారు, ఈమెకు మాత్రమే కాదు, ఆ బ్యాచ్ ఇంటర్న్‌లందరికీ. ప్రయాణానికి, మొదటి నెల బసకు కలిపి ఎనిమిది వేలకు మించకుండా బిల్లులు చూపిస్తే ఒకసారి ఇస్తారు, అది మొదటి స్టైపెండ్‌తో పాటు వస్తుంది. 19న చేరవచ్చు.

లెక్క మళ్లీ వేశాం. భోజనం 2,200 పోగా నెల ఖర్చు 9,380. పదివేలల్లో 620 మిగులుతుంది. సబ్బులు, ఫోను, ఇంటి రైలు కలిపి 1,300, అంటే ఇంటినుంచి నెలకు 680 పంపితే చాలు. ఆరు నెలలకు 4,080. ఒకసారి ఇచ్చే ఎనిమిది వేలు దానికి రెట్టింపు దాకా ఉంది. స్టైపెండ్ ఒక్క రూపాయి పెరగకుండానే లోటు పూడింది. బయల్దేరేనాటి 13,200 మాత్రం కంపెనీ తీర్చలేదు. ఎనిమిది వేలు ముందే ఇవ్వగలరా అని అడిగింది, చేరకముందు ఎవరికీ డబ్బు వేయమన్నారు. అది వాళ్ల నియమం, సబబైనదే. మేనమామ దగ్గర పదిహేను వేలు చేబదులు తీసుకున్నారు.

అందరికీ ఇంత సాఫీగా జరగదు. అంతకు ముందు ఏడాది మా అబ్బాయి ఒకడు నాకు చెప్పకుండా, ఇంకో కంపెనీ ఇరవై ఐదు వేలు ఇస్తానంటోందని రాశాడు. అలాంటి ఆఫర్ ఏదీ లేదు. హెచ్.ఆర్. చాలా మర్యాదగా, "ఆ ఆఫర్ లెటర్ పంపండి, మా మేనేజర్‌కు చూపిస్తాం" అని జవాబిచ్చింది. వాడు రెండు రోజులు జవాబు రాయలేదు, మూడో రోజు ఆఫర్ పోయింది. ఆ పిల్లవాడు మంచివాడు, తెలివైనవాడు. ఆ వారం అంతా క్యాంపస్‌లో కనబడకుండా తిరగడం నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. నేను చూసినంతలో ఆఫర్లు పోయింది ఇలాంటి వాటికే. చేతిలో నిజంగా ఇంకో ఆఫర్ ఉంటే చెప్పొచ్చు, చూపించగలిగితేనే చెప్పాలి. ఒప్పుకుని సంతకం పెట్టాక అడిగినవాళ్లకు కూడా ఆఫర్ పోదు గానీ, జవాబు రాదు. అడిగే సమయం ఆఫర్ మెయిల్‌కూ అంగీకారానికీ మధ్య ఉన్న ఆ మూడు నాలుగు రోజులే.

ఇంకో అమ్మాయికి మేనేజరు ఫోన్‌లో, "వచ్చాక చూసుకుందాం, ట్రావెల్ అలవెన్స్ ఇప్పిస్తాను" అన్నాడు. నిజంగానే ఇప్పించాలనుకున్నాడేమో. ఆమె చేరిన రెండో నెలలో ఆయన వేరే టీమ్‌కు మారిపోయాడు. కొత్త మేనేజరుకు ఆ మాట తెలియదు, కాగితం మీద ఎక్కడా లేదు. ఫోన్‌లో ఒప్పుకున్నదేదైనా ఆ సాయంత్రమే "మీరు చెప్పిన ప్రకారం ఇవి" అని నాలుగు వాక్యాల మెయిల్ పంపి, వాళ్లచేత "అవును" అనిపించుకోవాలి. ఈసారి తెనాలి అమ్మాయికి మెయిల్‌లోనే వచ్చింది కాబట్టి ఆ పని తప్పింది.

ప్రయాణ ఖర్చు విషయంలో అలవెన్స్, రీయింబర్స్‌మెంట్ అన్న రెండు మాటలు ఒకటే అనుకుంటారు. అలవెన్స్ అంటే నెలకు ఇంత అని ఇచ్చేస్తారు, ఏమీ చూపించక్కర్లేదు. రీయింబర్స్‌మెంట్ అంటే మనం ముందు ఖర్చుపెట్టి, బిల్లు చూపించి రాబట్టుకోవాలి. షేర్ ఆటోవాడు బిల్లు ఇవ్వడు. రోజూ షేర్ ఆటోలో వెళ్లే మనిషికి "నెలకు వెయ్యి దాకా రీయింబర్స్ చేస్తాం" అన్న మాట చూడటానికి బాగుంటుంది, చేతికి ఏమీ రాదు. వాళ్లకు అలవెన్స్‌గా ఇమ్మని అడగాలి, లేదా యాప్‌లో బుక్ చేసిన బైక్, ఆటో రసీదులు ఒప్పుకుంటారా, మెట్రో కార్డు రీచార్జి చెల్లుతుందా అని ముందే తేల్చుకోవాలి. బిల్లులు ఏ తేదీలోగా ఇవ్వాలో కూడా అడగాలి. ఆలస్యమైతే ఆ నెల డబ్బు పోయినట్టే. అలాగే కొన్ని కంపెనీలు స్టైపెండ్‌లోంచి పది శాతం టీడీఎస్ కింద పట్టుకుంటాయి. పాన్ కార్డు ఇవ్వకపోతే ఇరవై శాతం పట్టుకోవచ్చు. పన్ను పడేంత ఆదాయం లేని పిల్లలు రిటర్ను వేసి దాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ, నెలసరి లెక్కలో చేతికొచ్చే అంకెనే వేసుకోవాలి. ఈ కంపెనీ పట్టుకోలేదు, అది కూడా అడిగే తెలుసుకున్నాం.

చట్టం ఎంత ఇమ్మంటుందని తండ్రి నన్ను అడిగాడు. ఇంజినీరింగ్, డిగ్రీ పిల్లలు ప్రైవేటు కంపెనీల్లో చేసే మామూలు ఇంటర్న్‌షిప్‌కు కనీసం ఇంత ఇవ్వాలని చట్టం లేదు. అప్రెంటిస్‌షిప్ అయితే వేరు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కిందికి వచ్చే ఒప్పందమైతే కనీస స్టైపెండ్ ఉంటుంది. 2019 సవరణ ప్రకారం డిగ్రీ చదివినవాళ్లకు నెలకు 9,000. దాన్ని 12,300కు పెంచమని కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి 2025 మేలో సిఫారసు చేసింది. కాబట్టి లెటర్‌లో ఇంటర్న్ అని ఉందో అప్రెంటిస్ అని ఉందో ఒకసారి చూసుకోవాలి. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో మాత్రం అడగడానికి చోటు లేదు. 2024లో పథకం మొదలైనప్పుడు నెలకు 5,000, మొదట్లో ఒకసారి 6,000 అని ప్రభుత్వమే నిర్ణయించింది.

క్యాంపస్‌కు వచ్చిన కంపెనీల దగ్గర ఈ పద్ధతి కొంచెం మారుతుంది. స్టైపెండ్ ఎంతో ముందే నోటీసు బోర్డులో పెట్టి, అది తెలిసే పిల్లలు ఇంటర్వ్యూకు కూర్చుంటారు. ఆ అంకెను తర్వాత ప్రశ్నిస్తే మాట తప్పినట్టు ఉంటుంది. బస, భోజనం, ప్రయాణం మాత్రం అడగొచ్చు. పిల్లలు ఎవరికి వారు కాకుండా ప్లేస్‌మెంట్ ఆఫీసరు ద్వారా అడగడం మేలు. ఇరవై మందికీ ఒకే హాస్టల్ మాట్లాడిపెట్టిన కంపెనీలు నాకు తెలుసు, ఎందుకంటే అడిగింది ఒకే గొంతు. ఇక శిక్షణ ఫీజు అనీ డిపాజిట్ అనీ మన దగ్గరే డబ్బు అడిగేవాళ్లతో బేరమాడేది ఏమీ ఉండదు. అక్కడినుంచి లేచి రావడమే.

జనవరి 19 పొద్దున ఆ అమ్మాయి సికింద్రాబాదులో దిగి, సామాను హాస్టల్లో పెట్టి ఆఫీసుకు వెళ్లింది. సాయంత్రం నాకు ఫోన్ చేసింది. హాస్టల్ వార్డెన్ డబ్బు తీసుకుని చిన్న చీటీ మీద 8,500 అని గీసి ఇచ్చిందట, పేరు లేదు, తేదీ లేదు. "ఇది చెల్లుతుందా సార్?" అని అడిగింది. చెల్లదమ్మా, రసీదు పుస్తకం అడుగు, నీ పేరు, తేదీ, హాస్టల్ ముద్ర ఉండాలి అన్నాను. వార్డెన్ విసుక్కుందట గానీ, మర్నాడు పుస్తకంలోంచి చింపి ఇచ్చింది. రైలు టికెట్టూ ఆ రసీదూ ఫోటో తీసి అదే రోజు హెచ్.ఆర్.కు పంపింది.

జనవరి 31న బ్యాంకు మెసేజ్ స్క్రీన్‌షాట్ వచ్చింది నాకు. 12,194. పదమూడు రోజులకు 4,194, దానిమీద ఎనిమిది వేలు. రెండో నెల హాస్టల్‌కు 8,500 తీసి పక్కన పెట్టి, మేనమామకు రెండువేలు పంపానని కింద రాసింది. మధ్యాహ్నం క్యాంటీన్లో పప్పుచారు బాగుంటుందని కూడా రాసింది.